కొసరు ఏ స్లైడ్‌లో పెట్టాలి

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద, జిరాక్సు షాపుకూ పంక్చరు డబ్బాకూ మధ్య నాకొక గది ఉంది. బయట బోర్డు మీద మూడు భాషల్లో 'అనువాదములు చేయబడును' అని రాసి ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా అందులో కూర్చుని సేల్ డీడ్లు, అఫిడవిట్లు, విడాకుల పిటిషన్లు ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. నా ఇంగ్లీషు మీద ఏ జడ్జీ ఇంతవరకూ అభ్యంతరం చెప్పలేదు. వాళ్ళు చదివారా అన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు. నా మీద నాకు అంత నమ్మకం.

అలాంటి నా దగ్గరికి ఒక మధ్యాహ్నం మా ఇంటికి పాలు పోసే ఆమె వచ్చింది. మా వెనక గల్లీలో వాళ్ళకు పది బర్రెల షెడ్డు ఉంది. ఆమె ఆ ఇంటి చిన్న కోడలు. బీకాం చదివింది. పొద్దున్నే స్కూటీకి రెండు క్యాన్లు కట్టుకుని ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటివాళ్ళు పోస్తున్న ఇళ్ళకే తనూ పోస్తుంది. ఆ రోజు క్యాన్లు లేకుండా, చేతిలో పిల్లల నోట్‌బుక్ ఒకటి పట్టుకుని వచ్చింది.

సంగతి ఇది. పాలు పోసేవాళ్ళకు పెద్ద తలనొప్పి నాగాలు. ఎవరో ఊరికి పోతారు, ముందు చెప్పరు. ఆ పూట వాళ్ళ పాలు మిగిలిపోతాయి. అదే పూట ఇంకో ఇంట్లో చుట్టాలు దిగుతారు, వాళ్ళకు పాలు చాలవు. ఆమె మరిది ఇంజనీరింగ్ చదివి ఖాళీగా ఉన్నవాడు ఒక యాప్ తయారుచేశాడు. గిరాకీలు ముందురోజే తెలుగులోనో ఉర్దూలోనో ఫోన్‌లో మాట పంపితే చాలు. 'రేపు నాగా' అనో, రేపు అర లీటరు ఎక్కువ కావాలంటే 'కల్ ఆధా లీటర్ జ్యాదా' అనో, ఏదైనా సరే. పొద్దున్నకల్లా ఏ ఇంటికి ఎంత పోయాలో, మిగిలేవి ఏ చాయ్ హోటల్‌కు పోవాలో జాబితా తయారు. చుట్టుపక్కల నాలుగు షెడ్లవాళ్ళు అందులో చేరారు.

ఇందులో నాకేం పని అని అడిగాను. కొత్త వ్యాపారాలకు పెట్టుబడి ఇప్పించే సంస్థ ఒకటి మాదాపూర్ వైపు ఉంది. దాని మొదటి వడపోతకు తెలుగులో వీడియో పంపవచ్చంటే ఈమె పంపిందట. ఎంపికైంది. రెండో మెట్టు మాత్రం ఇంగ్లీషులో, బయటి ఊళ్ళ నుంచి వచ్చే ఇన్వెస్టర్ల ముందు. మాట్లాడటానికి ఎనిమిది నిమిషాలు, తర్వాత వాళ్ళ ప్రశ్నలు. ప్రశ్నలప్పుడు పక్కన దుబాసీని తెచ్చుకోవచ్చు.

"మా బావ దసరా దాక ఆగుతనన్నడు అన్నా," అంది. "గా లోపల పైసలు పెట్టెటోళ్ళు దొరకకపోతే బర్రెల్ని అమ్మేసి జాగ పార్కింగ్‌కు కిరాయికిస్తడట. బేరగాడు అచ్చి చూసి కూడ పోయిండు."

బర్రెలు పోతే నాలుగు షెడ్లలో పెద్దది పోయినట్టే. యాప్‌కు పాలుండవు. పాలు లేని పాల యాప్ మీద పైసలు పెట్టే పిచ్చివాళ్ళు ఊళ్ళో ఉన్నారని వింటుంటాను గానీ, వాళ్ళు చాంద్రాయణగుట్ట దాకా రారు.

నోట్‌బుక్ తెరిచాను. పిచ్, అంటే ఇన్వెస్టర్ల ముందు చెప్పాల్సిన మాట, వాళ్ళ మామగారి తాతతో మొదలైంది. ఆయన ఈ ఊరికి ఎన్ని బర్రెలతో వచ్చాడో, ఏ బర్రె పేరేమిటో రెండు పేజీలు. నాగాల సంగతి ఏడో పేజీలో. ఎంత డబ్బు కావాలన్నది చిట్టచివర, సిగ్గుపడుతూ, 'పెద్దలు దయతలిస్తే' అన్న మాట చాటున.

నేను నా విద్య చూపించాను. తాతను గౌరవంగా మొదటి పేరాలోనే ఉంచి, మొత్తాన్ని నిఖార్సయిన కోర్టు ఇంగ్లీషులో పెట్టాను. కింద సంతకం చేయువారు మిక్కిలి వినయముతో విన్నవించుకొనునది ఏమనగా, అనే ధోరణిలో. చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. ఆ సంస్థలో వీళ్ళకు సలహాలిచ్చే కుర్రపిల్ల ఒకామె ఉంది. నేను రాసింది చదివి ఫోన్ చేసి, ఇది బెయిల్ కోసమా అని అడిగిందట.

మరిది అప్పటికే తన ఫోన్‌లోని ఏఐకి ఆ నోట్‌బుక్ ఫోటోలు ఇచ్చి ఇంకో అనువాదం చేయించుకుని వచ్చాడు. నిమిషంలో అయిందట. ఇరవై ఏళ్ళ అనుభవాన్ని ఎవరైనా నిమిషంతో కొలిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చదివాను. తప్పులేమీ లేవు. అందులో బర్రెలు కూడా లేవు. ఆ ఇంగ్లీషుతో పాలు అమ్మవచ్చు, సిమెంటు అమ్మవచ్చు, ఇన్సూరెన్సూ అమ్మవచ్చు.

చివరికి ఇద్దరి పనీ కలిపి చేశాం. తాతను చివరి స్లైడ్‌కు, మనుషుల గురించి చెప్పే చోటికి పంపాం. ముందు కష్టం ఏమిటి, తర్వాత మా ఉపాయం, ఎంతమంది వాడుతున్నారు, ఇంకా ఎంతమంది వాడగలరు, మాలాంటివాళ్ళు ఇంకెవరున్నారు, ఎంత కావాలి, దానితో ఏం చేస్తాం. 'దయతలిస్తే' కొట్టేసి అంకె రాశాను. ఆమె ఆ అంకెను చూసి, గింత ముఖం మీద అడుగుతరా అంది. అడగకపోతే అక్కడికి పోవడమెందుకన్నాను. అలా పది స్లైడ్లయ్యాయి.

ఎనిమిదో స్లైడ్ ఖర్చులది. ఆమె లెక్కలో ఒక చోట 'కొసరు' అని ఉంది. వంద లీటర్లు పోస్తే ఆరు లీటర్ల దాకా కొసరుకే పోతున్నాయి. దీన్ని ఇంగ్లీషులో ఏమనాలి? నేను పెద్దగా ఆలోచించలేదు. డబ్బు రాకుండా పోయే పాలు కాబట్టి 'వేస్టేజ్' కింద వేశాను. పిండేటప్పుడు ఒలికినవీ విరిగిపోయినవీ ఉండే వరుసలో దీన్నీ కూర్చోబెట్టాను. ప్రతి పొద్దునా నా గిన్నెలో ఆ కొసరు పోయించుకుంటూనే ఈ పని చేశానని ఇక్కడే ఒప్పుకుంటున్నాను. కాగితం మీద చూసినప్పుడు అది నాకు నా పాలలా కనిపించలేదు.

తర్వాత వాళ్ళేం అడుగుతారో ఊహించే పని. ఇందులో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఎన్ని క్రాస్ ఎగ్జామినేషన్లు విన్నాను! ఎదుటి లాయరు సాక్షిని ఎక్కడ గుచ్చుతాడో నాకు ముందే తెలుస్తుంది. కాగితం తీసి రాస్తూ పోయాను. యాప్ హక్కులు ఎవరివి, మరిదివా, కంపెనీవా? షెడ్డు బావ పేరు మీద ఉంటే రేపు ఆయన కాదంటే ఏం చేస్తారు? బర్రెలకు రోగం వస్తే? ఆహార భద్రత లైసెన్సు ఉందా? పెద్ద ప్యాకెట్ పాల కంపెనీ రేపు ఇదే యాప్ పెడితే? కొత్త ఇల్లు ఒకటి చేరడానికి మీకెంత ఖర్చవుతుంది? బ్యాంకు లోను ఎందుకు తీసుకోలేదు? ఈ డబ్బు ఎన్ని నెలలు వస్తుంది? వేస్టేజ్ ఇంతెందుకుంది? అన్నీ కలిపి ముప్పై ఒకటి తేలాయి.

మరిది ఏఐ కూడా ఒక జాబితా ఇచ్చింది. దాదాపు నావే. నా దగ్గర లేనిది ఒక్కటే ఉంది. మీ గిరాకీలు మిమ్మల్ని వదిలి ఎందుకు పోవడం లేదు? నేను దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశాను. మనకు అనుకూలంగా ఉన్న సంగతిని ఎదుటివాడు ఎందుకు తవ్వుతాడు, ఏ కోర్టులోనైనా చూశావా అని ఆ అబ్బాయికి క్లాసు పీకాను. వాడు తలూపాడు. పెద్దవాళ్ళు తప్పు చెప్పినా తలూపే మంచి పెంపకం.

ఆమెకు సాక్షికి నేర్పినట్టే నేర్పాను. అడిగినదానికే జవాబు, తక్కువ మాటలు, లేనిపోనివి పైన వేయొద్దు. వేస్టేజ్ ప్రశ్నకు జవాబు నేనే రాసిచ్చాను. వచ్చే మూడు నెలల్లో మీటరున్న యంత్రాలతో పోస్తాం, కొసరు సున్నాకు తెస్తాం. స్లైడ్ మీద కూడా ఆ సున్నాను పెద్దగా వేయించాను.

దాన్ని ఇంగ్లీషులో అప్పజెప్పేటప్పుడు ఆమె ప్రతిసారీ ఒక క్షణం ఆగేది. "గిది చెప్పాల్నా అన్నా?" అని ఒకసారి అడిగింది. నోరు తిరగడం లేదనుకున్నాను. నాలుగుసార్లు గట్టిగా చదివించాను.

ఆ రోజు ఎనిమిదో అంతస్తులో, స్వెటరు వేసుకోవలసినంత చల్లటి గదిలో ముగ్గురు ఇన్వెస్టర్లు కూర్చున్నారు. ఇద్దరు మగవాళ్ళు ల్యాప్‌టాప్‌ల వెనక ఉన్నారు. మూడో ఆమె జుట్టు నెరిసిన మనిషి, చేతిలో పెన్సిలు తప్ప ఏమీ లేదు. కోర్టు భాషలో చెప్పాలంటే, భయపడవలసింది ఆమెకే.

మా పాలామె ఎనిమిది నిమిషాల్లో పది స్లైడ్లు చెప్పింది. ఒక్క చోట కూడా తడబడలేదు. మగవాళ్ళిద్దరూ నాలుగు ప్రశ్నలడిగారు. హక్కులు, షెడ్డు, లైసెన్సు, పెద్ద కంపెనీలు. నాలుగూ నా జాబితాలోవే. ఆమె నాలుగింటికీ ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది. నేను కుర్చీలో వెనక్కి వాలి, దుబాసీగా నన్ను వాడుకోవడం లేదే అని కాస్త నొచ్చుకున్నాను కూడా.

అప్పుడు పెన్సిలు ఆమె ఆరో స్లైడ్‌కు వెళ్ళమంది. అందులో ఒకసారి చేరిన ఇళ్ళు మానేయడం చాలా అరుదని ఉంది. పొద్దున్నే గుమ్మం ముందుకు సరుకు తెచ్చేవాళ్ళను చాలామందిని చూశానని, వాళ్ళందరి దగ్గరా గిరాకీలు వస్తూ పోతూ ఉంటారని ఆమె అంది. మీవాళ్ళు పోవడం లేదు, ఎందుకు?

నేను ఎర్ర పెన్నుతో కొట్టేసిన ప్రశ్న. మా పాలామె నావైపు చూసింది. నేను నా ముప్పై ఒక్క ప్రశ్నల కాగితం వైపు చూశాను. అది నావైపు చూడలేదు.

"తెలుగుల చెప్త అన్నా. నువ్వు వాళ్ళకు చెప్పు," అంది మా పాలామె. "అప్పుడే పిండిన పాలు గద, పోసేటప్పుడు కొలత మీద నురుగొస్తది. నురుగుకు పైసలు తీసుకుంటే ఇంటామె ఏమనది గని చూస్తది. గందుకే కొలత పోసినంక మల్ల జరంత పోస్త. గదే కొసరు. ఆమె కండ్ల ముంగటే పోస్త. గది చూసినంకనే గిన్నె తీస్తది, మల్ల రేపు అదే గిన్నె పట్టుకొస్తది. గింతే."

నేను ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. నురుగు వచ్చింది, గిన్నె వచ్చింది, కొసరు దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఆగింది. ఇంగ్లీషులో దానికి నేను పెట్టిన పేరు వెనక గోడ మీద ఎనిమిదో స్లైడ్‌లో ఉంది. ఆ పేరు వాడితే మా గిరాకీలు వేస్టేజ్ కోసం మాతో ఉంటున్నారని అర్థమవుతుంది. కొలత అయ్యాక ఇష్టంతో పోసే ఇంకొంచెం అని నానా తంటాలు పడి చెప్పాను. ఇరవై ఏళ్ళలో నేను చేసిన నిఖార్సయిన అనువాదం బహుశా అదే. చేసింది భయంతో.

పెన్సిలు ఆమె ఊరుకుంటుందా? ఎనిమిదో స్లైడ్‌కు వెళ్ళమంది. మీరు మూడు నెలల్లో సున్నా చేస్తామన్నది దీన్నేనా అని అడిగింది.

అది రాసింది ఈ పెద్దమనిషి అని నావైపు వేలు చూపిస్తే సరిపోయేది. నేను దానికి సిద్ధపడి టై సరిచేసుకున్నాను. మా పాలామె నన్ను చూడలేదు. నేరుగా హిందీలో, గలత్ లిఖ్ దియే హమ్ మేడం అంది. తప్పు రాసేశాం. ఆ 'మేము'లో ఆమె నన్ను దాచేసింది. అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వేయలేదు.

డబ్బు ఇస్తామని వాళ్ళు అనలేదు. మంచి కథలు చాలా విన్నానని, దీన్ని నిరూపించమని పెన్సిలు ఆమె అంది. ఒక గల్లీలో కొసరు పోయండి, ఇంకో గల్లీలో ఎనిమిది వారాలు పోయకండి. ధర మార్చొద్దు, కారణం చెప్పొద్దు. ఎవరు మానేస్తారో చూసి రండి. ఒకే గల్లీలో కొన్ని ఇళ్ళకు పోసి కొన్నిటికి మానేస్తే మొదటి రోజే లొల్లి అవుతుందని మా పాలామె అంటే, అందుకే గల్లీలు వేరు చేయమన్నానని ఆమె నవ్వింది. ఎనిమిది వారాలంటే దసరా దాటుతుంది. బావ చాలా గొణిగి, దీపావళి దాకా ఆగుతానన్నాడు. బేరగాడి ఫోన్ నెంబరు మాత్రం గోడ మీద సున్నంతో రాసి పెట్టుకున్నాడు.

కొసరు పోసే గల్లీగా ఆమె తమ షెడ్డుకు ఎదురు గల్లీని ఎంచుకుంది. పోయని గల్లీ మాది. తప్పు రాసినవాణ్ణి, వద్దనే మొహం ఎక్కడిది? పైగా నాకు సంగతంతా తెలుసు. శాస్త్రీయ పరీక్ష అంటే ఏమిటో తెలిసిన మనిషిని. ఒక చెంచాడు పాల కోసం చలించే రకం కాదు.

మొదటి రోజు ఆమె అర లీటరు పోసి ఆగింది. నా గిన్నె అక్కడే ఉంది. నా చెయ్యి దాన్ని వెనక్కి తీయలేదు. ఇద్దరం ఒక క్షణం ఆ గిన్నెలోని నురుగును చూశాం. తర్వాత ఆమె స్కూటీ స్టార్ట్ చేసుకుని పోయింది. నురుగు దిగాక పాలెక్కడ ఉన్నాయో నేను చూశాను. అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

వారం తిరిగేసరికి పాలు పలచగా ఉన్నాయని నాకు అనిపించడం మొదలైంది. అవే బర్రెలు, అదే దాణా. మా ఆవిడకు పరీక్ష సంగతి నేను చెప్పలేదు, చెప్పకూడదు కదా. ఆమె మాత్రం పాలు బాగానే ఉన్నాయంది. నేను ఒప్పుకోలేదు. పన్నెండో రోజు పొద్దున్నే లేచి, ఎవరికీ చెప్పకుండా, మూల కిరాణా దుకాణానికి పోయి ప్యాకెట్ పాలు తెచ్చాను. యాప్‌లో మాట కూడా నేనే పంపాను. రేపటి నుంచి వద్దమ్మా అని. గొంతు చాలా మర్యాదగా పెట్టాను.

ఎనిమిది వారాలయ్యాక ఆమె మళ్ళీ నోట్‌బుక్ పట్టుకుని నా గదికి వచ్చింది. ఎదురు గల్లీలో రెండు ఇళ్ళు మానేశాయి, రెండూ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినవే. మా గల్లీలోనూ నలభై ఇళ్ళే, వాటిలో పదకొండు మానేశాయి. దీన్ని కొత్త ఆరో స్లైడ్‌గా ఇంగ్లీషులో పెట్టాలి.

నేను గొంతు సవరించుకున్నాను. ఆ పదకొండులో మా ఇల్లు ఉందని, నాకు పరీక్ష సంగతి ముందే తెలుసు కాబట్టి న్యాయంగా నన్ను లెక్కలోంచి తీసేయాలని, అలాంటి సాక్ష్యం చెల్లదని వివరించాను. కోర్టు ఉదాహరణ కూడా ఒకటి ఇచ్చాను. ఆమె ఓపికగా అంతా విన్నది.

"ఎందుకు పోసుడు బందువెట్టిన్నో తెలిసి కూడ పోయినవ్ గద అన్నా," అంది. "నిన్ను తీస్తే ఎట్ల? నిన్నే అందరికన్న ముందల వెట్టాలె."

పెట్టాను. అక్షరం మార్చకుండా పెట్టాను. కారణం పూర్తిగా తెలిసిన ఒక గిరాకీ కూడా పన్నెండో రోజుకు మానేశాడు అని. పరీక్ష సంగతి తెలిసినవాడు కాబట్టి అతన్ని మొత్తంలో కలపలేదని, పది ఇళ్ళనే లెక్కించామని కింద చిన్న అక్షరాలతో రాశాను. అది పెన్సిలు ఆమె కోసం. పై వాక్యం నా కోసం. ఇరవై ఏళ్ళుగా పరాయివాళ్ళ వాంగ్మూలాలు రాసినవాణ్ణి, నా వాంగ్మూలం ఇంగ్లీషులో ఇంత పొట్టిగా ఉంటుందనుకోలేదు.

ఈసారి ప్రశ్నల జాబితా మరిది చేశాడు. నేను ఎర్ర పెన్ను ఇంట్లో పెట్టి వచ్చాను. 'అతను ఎందుకు మానేశాడు' అన్నది మొదటి ప్రశ్న. దాని జవాబు నేను రాశాను. మళ్ళీ కొట్టేసి, చివరికి ఒకే వాక్యం ఉంచాను. అతనికి లెక్కంతా తెలుసు, అయినా ఎవరో తన చేతిలోంచి ఏదో తీసుకున్నట్టు అనిపించింది.

రెండో మీటింగులో పెన్సిలు ఆమె ఆ స్లైడ్ చదివి నవ్వింది. మొదటి ప్రశ్న అడగనే లేదు. జవాబు స్లైడ్‌లోనే ఉందంది. ఇంకోటి అడిగింది. ఆ పెద్దమనిషి తిరిగి వచ్చాడా?

ఇది మరిది జాబితాలోనూ లేదు. నేను దుబాసీని కాబట్టి నా ధర్మం ప్రకారం ప్రశ్నను తెలుగులో మా పాలామెకు చెప్పాను. ఆమె అర్థం కానట్టు కాసేపు నావైపే చూసింది. ఆమెకు ఇంగ్లీషు బాగానే అర్థమవుతుందని నాకు తెలుసు.

"అడిగి చెప్పు అన్నా," అంది.

రేపటి నుంచి అని నేను ఇంగ్లీషులో చెప్పాను.

ఆ తర్వాతి నెలలో వాళ్ళ బావ నా గదికి వచ్చాడు. షెడ్డును ఐదేళ్ళు ఆ కంపెనీకే లీజుకిస్తున్నట్టు కాగితం. డబ్బు పెట్టేవాళ్ళు ఇంగ్లీషులో అడిగారట. అది నా అసలు పని కాబట్టి ఒక్క మాట పొల్లు పోకుండా చేశాను. గోడ మీది బేరగాడి నెంబరు మీద సున్నం కొట్టించానని ఆయన మాటల మధ్యలో చెప్పాడు.

అంతకు చాలా ముందే, ఆ రెండో మీటింగు మర్నాడు పొద్దున, ఆమె స్కూటీ మా గుమ్మం ముందు ఆగింది. గిన్నె పట్టుకుని నేనే వెళ్ళాను. అర లీటరు పోసి ఆమె ఆగింది. నేను గిన్నె తీయలేదు. ఆమె కొలత మళ్ళీ క్యాన్‌లో ముంచి, నా కళ్ళ ముందే ఇంకొంచెం పోసింది.